పాస్‌పోర్ట్ రెన్యువల్: అసలు సైట్ దొరికేదాకా

పాస్‌పోర్ట్ గడువు ఇంకా ఏడు నెలలు ఉందనగా మా కంపెనీ పీఆర్వో ఫోన్ చేశాడు. వీసా రెన్యువల్‌కు పెట్టాలంటే పాస్‌పోర్ట్‌లో కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, కాబట్టి ముందు కొత్త పాస్‌పోర్ట్ చేయించుకుని రమ్మన్నాడు. నేను ఉండేది దుబాయ్ సోనాపూర్ క్యాంప్‌లో. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ ఆదివారం పొద్దున్నే మంచం మీద కూర్చుని ఫోన్‌లో `indian passport renewal dubai` అని కొట్టాను.

వరుసగా నాలుగు సైట్లు వచ్చాయి. నాలుగింటి పైనా చిన్న అక్షరాలతో `Sponsored` అని ఉంది. అంటే గూగుల్‌కు డబ్బు కట్టి పైన పెట్టించుకున్న ప్రకటనలన్నమాట. ప్రభుత్వ సైట్ వాటి కింద ఎక్కడో ఉంటుంది. ఫోన్ తెర చిన్నది కాబట్టి వేలితో రెండుసార్లు పైకి జరిపితే తప్ప ప్రకటనలు దాటి కిందికి పోలేం. నాకు అప్పటికి ఆ సంగతి తెలియదు. మొదట కనిపించినదే అసలుది అనుకుని నొక్కాను.

తెరుచుకున్న పేజీ చూస్తే అనుమానం వచ్చేలా ఏమీ లేదు. పైన మూడు రంగుల పట్టీ, పక్కన పాస్‌పోర్ట్ బొమ్మ, మధ్యలో ఫారం. పేరు, పుట్టిన తేదీ, పాత పాస్‌పోర్ట్ నంబర్, వాట్సాప్ నంబర్ అడిగింది. పాస్‌పోర్ట్ మొదటి పేజీ, ఎమిరేట్స్ ఐడీ ఫొటోలు ఎక్కించమంది. ఆ తర్వాత 240 దిర్హాములకు కార్డు వివరాలు కొట్టమంది. కార్డు తీసి చేతిలో పట్టుకున్నాను కూడా.

పై మంచం మీద ఉండే అన్న కిందికి వంగి చూశాడు. "తమ్మీ, ఆగు. పైసలు కట్టకు. ముందు ఆ పేజీ అడుగు దాకా దింపి చూడు" అన్నాడు.

దింపాను. అన్నిటికన్నా కింద, బూడిద రంగు మీద బూడిద రంగు అక్షరాలతో రెండు లైన్లు ఉన్నాయి. ఇది ప్రైవేటు సలహా సంస్థ అనీ, ప్రభుత్వంతో ఏ సంబంధమూ లేదనీ, తీసుకునే రుసుము ఫారం నింపడంలో చేసే సాయానికేననీ, అందులో పాస్‌పోర్ట్ ఫీజు కలవదనీ. అంటే ఆ 240 కట్టినా అసలు ఫీజు మళ్లీ విడిగా కట్టాల్సిందే. ఇలాంటి పేజీలు చాలావరకు ఇదే దారిలో నడుస్తాయి. అబద్ధం ఎక్కడా రాయరు. నిజాన్ని మాత్రం ఎవరూ చూడని చోట రాస్తారు. అందుకే తెలియని సైట్‌లో కార్డు తీసేముందు పేజీ అడుగు చూడడం అలవాటు చేసుకోవాలి. అక్కడ ఆ రెండు లైన్లు లేవంటే మంచి సైట్ అని మాత్రం కాదు. అవి కూడా రాయకుండా మోసం చేసేవాళ్లూ ఉన్నారు.

అన్నకు ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. అంతకుముందు ఏడాది ఆయన ఇలాంటి పేజీకే డబ్బు కట్టాడు. వాళ్లు ఫారం నింపి పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపారు. అది ప్రింట్ తీసుకుని, ఒక రోజు జీతం పోగొట్టుకుని సెంటర్‌కు వెళ్తే అక్కడ మూడు తప్పులు బయటపడ్డాయి. దరఖాస్తు దుబాయ్ కాన్సులేట్‌కు కాకుండా అబుదాబి ఎంబసీకి పెట్టారు. ఇంటిపేరు రావాల్సిన గడిలో సొంత పేరు పడింది. ఫోన్ నంబర్, మెయిల్ ఏజెంటువి. మొదటి రెండూ దిద్దుకుందామంటే మూడోది అడ్డం పడింది. ఖాతా తెరిచింది ఏజెంటు మెయిల్‌తో కాబట్టి ఫారం ఆయన చేతిలో లేదు. దిద్దడానికి ఏజెంటు మళ్లీ డబ్బు అడిగాడు. చివరికి ఆయన సొంత మెయిల్‌తో కొత్త ఖాతా తెరిచి, మొదటి నుంచి కొత్త దరఖాస్తు నింపుకున్నాడు. డబ్బు పోవడం కన్నా ఈ మూడో తప్పే పెద్దది అని నా అభిప్రాయం. మన పాస్‌పోర్ట్ దరఖాస్తు తాళం ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర ఉండిపోతుంది.

నేను పేజీ మూసేసి అడిగాను, "మరి అసలుదేదో ఎట్లా తెలుస్తది అన్నా?"

"పేరు చదువు. ఎడమ నుంచి కాదు, కుడి నుంచి" అన్నాడు.

ఆయన చెప్పింది ఇది. ఫోన్ బ్రౌజర్ పైన ఉండే అడ్రస్ పట్టీ మీద ఒకసారి నొక్కితే మొత్తం అడ్రస్ కనిపిస్తుంది. నొక్కకపోతే ముక్క మాత్రమే కనిపిస్తుంది, మోసం ఆ కనిపించని ముక్కలోనే దాక్కుంటుంది. `https://` తర్వాత వచ్చే మొదటి గీత `/` దగ్గర ఆగాలి. గీత తర్వాత ఏం రాసి ఉన్నా లెక్కలోకి రాదు. ఆ గీతకు వెంటనే ఎడమ పక్కన ఉన్న మాటలే ఆ సైట్ ఎవరిదో చెబుతాయి. భారత ప్రభుత్వ సైట్ అయితే అక్కడ ముందున్న చుక్కతో సహా `.gov.in` ఉండాలి. ఆ ముగింపును ప్రభుత్వ సంస్థలకు తప్ప బయటివాళ్లకు ఇవ్వరు. `.in`, `.com`, `.org` లాంటివి మాత్రం డబ్బు కట్టినవాళ్లెవరికైనా దొరుకుతాయి. పేరులో passport, india, seva అని ఎన్ని మాటలు కలిపినా అది ప్రభుత్వానిది అయిపోదు.

ఒక కాగితం మీద రాసి చూపించాడు. అందులో example.com అన్న చోట ఏజెంటు సైట్ పేరు ఏదైనా ఊహించుకోవచ్చు.

```
https://embassy.passportindia.gov.in/
https://mportal.passportindia.gov.in/gpsp/
https://passportindia.gov.in.example.com/
https://example.com/passportindia.gov.in/
```

మొదటి రెండూ మొదటి గీతకు ముందు `passportindia.gov.in` తో ముగిశాయి కాబట్టి ప్రభుత్వానివి. మూడోది చూడగానే మోసపోతాం. ముందు అంతా సరిగ్గానే ఉంటుంది, గీత దగ్గరికి వచ్చేసరికి `example.com` అయిపోతుంది. చిన్న తెర మీద సరిగ్గా ఆ చివరి ముక్కే కనబడకుండా పోతుంది. నాలుగోదాంట్లో అసలు పేరు గీత తర్వాత వచ్చింది. అది ఆ సైట్ లోపలి ఒక పేజీకి పెట్టుకున్న పేరు, అంతే.

"తాళం బొమ్మ ఉంది కదన్నా" అన్నాను. ఏజెంటు పేజీకి కూడా అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంది. ఆ తాళం చెప్పేది ఒక్కటే, మన ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య పోయే సమాచారాన్ని దారిలో ఇంకొకరు చదవలేరని. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. దొంగ సైట్‌కు కూడా ఆ తాళం ఉచితంగానే వస్తుంది.

ఇంత తెలుసుకున్నాక కూడా నేను ఇంకో తప్పు చేశాను. చాలామంది చేసే తప్పు కాబట్టి చెబుతున్నాను. `www.passportindia.gov.in` తెరిచాను. గీతకు ముందు `gov.in` ఉంది, నిజంగానే ప్రభుత్వానిది. కానీ అది ఇండియాలో ఉండి దరఖాస్తు చేసేవాళ్లది. ఖాతా తెరవబోతే ఏ పాస్‌పోర్ట్ ఆఫీసు అని అడిగింది, జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం లాంటి పేర్లు ఉన్నాయి. అక్కడే పసిగట్టాలి. హైదరాబాద్ ఎంచుకుని ముందుకు పోతే, ఫీజు 1500 రూపాయలు కట్టించుకుని హైదరాబాద్‌లోని పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి రమ్మని తేదీ ఇస్తుంది. దుబాయ్‌లో ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ప్రభుత్వ సైట్ ఏదైనా దరఖాస్తు ఎక్కడ పెడుతున్నావని ముందే అడుగుతుంది. అక్కడ ఊళ్ల పాస్‌పోర్ట్ ఆఫీసులు కనిపిస్తే అది మనది కాదు. దేశం పేరు, ఆ దేశంలోని ఎంబసీ, కాన్సులేట్ కనిపిస్తే అది మనది. ఏజెంటు పేజీ ఈ ప్రశ్న సరిగ్గా అడగకపోవడం వల్లే అన్న దరఖాస్తు అబుదాబికి పోయింది. దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ కువైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాలో ఉండేవాళ్లకు దుబాయ్ కాన్సులేట్. అబుదాబి, అల్ ఐన్ వాళ్లకు అబుదాబి ఎంబసీ.

ఇక గూగుల్‌లో వెతకడం మానేశాను. అన్న చెప్పినట్టు పైనుంచి కిందికి వచ్చాను. ముందు విదేశాంగ శాఖ సైట్ `mea.gov.in` ను వెతుకులాట లేకుండా నేరుగా అడ్రస్ పట్టీలోనే కొట్టాను. అందులో విదేశాల్లోని భారత ఎంబసీలు, కాన్సులేట్ల జాబితా ఉంటుంది. దాంట్లోంచి దుబాయ్ కాన్సులేట్ సైట్ `cgidubai.gov.in` కు వెళ్లాను. అక్కడ పాస్‌పోర్ట్ సేవల పేజీలో దరఖాస్తు పోర్టల్‌కు లింకు ఉంది. ఈ దారిలో ప్రకటన ఎక్కడా అడ్డం రాదు. మధ్యలో దేన్నీ నమ్మాల్సిన పని లేదు, ఒక ప్రభుత్వ సైటే ఇంకో ప్రభుత్వ సైట్‌ను చూపిస్తుంది. సౌదీలో ఉన్నవాళ్లయినా ఇదే దారి, రియాద్ ఎంబసీది `eoiriyadh.gov.in`, జెడ్డా కాన్సులేట్‌ది `cgijeddah.gov.in`.

ఆ లింకు నొక్కితే వచ్చింది అన్న దగ్గరున్న అడ్రస్ కాదు. ఆయన గతంలో వాడింది `embassy` తో మొదలయ్యేది. నాకు వచ్చింది `mportal` తో మొదలయ్యేది. ఇద్దరం కాసేపు తడబడ్డాం. 2025 అక్టోబర్ చివర్లో యూఏఈలో చిప్ ఉండే ఈ-పాస్‌పోర్ట్ మొదలైంది, దాంతోపాటే పోర్టల్ మారింది. పాత అడ్రస్‌ను బొమ్మ గుర్తు పెట్టుకున్నట్టు గుర్తు పెట్టుకున్నవాళ్లు కొత్తది చూసి దొంగది అనుకుంటారు, లేదా పాతది పని చేయక మళ్లీ గూగుల్‌కు పోయి ప్రకటనలో పడతారు. చదివే పద్ధతి తెలిసినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. రెండూ `passportindia.gov.in` తోనే ముగుస్తున్నాయి, కాన్సులేట్ సైటే దారి చూపిస్తోంది. ఇక అనుమానం ఎందుకు?

లోపల మొదట ఖాతా తెరవాలి. ఇక్కడ నా సొంత మెయిల్, నా సొంత నంబర్ ఇచ్చాను. ఖాతా నిర్ధారణకు వచ్చే సందేశం మనకే రావాలి, తర్వాత దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలన్నా అదే ఖాతా కావాలి. మెయిల్ లేనివాళ్లు ముందు అది తెరుచుకోవాలి. దోస్తు మెయిల్ వాడుకోవడం కూడా మంచిది కాదు, ఆ దోస్తు రేపు కంపెనీ మారి వెళ్లిపోవచ్చు.

ఫారంలో తడబడేచోట్లు కొన్నే ఉన్నాయి. పాత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఎంచుకోవాల్సింది `Re-issue`. `Fresh` అనేది ఇంతవరకు పాస్‌పోర్టే లేనివాళ్లకు. రెన్యువల్ అనే మాట కోసం వెతికితే దొరక్క చాలామంది `Fresh` నొక్కుతారు. కారణం దగ్గర గడువు ముగియబోతోంది అన్నదాన్ని ఎంచుకోవాలి. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి పీఆర్వో ఫోన్ కోసం ఆగాల్సిన పని కూడా లేదు. పేజీలు 36 లేదా 60 అని అడుగుతుంది. ఏటా ఒకసారి ఇంటికి పోయి వచ్చేవాళ్లకు 36 చాలు.

అన్నిటికన్నా నిదానంగా నింపాల్సింది పేరు. మనం మామూలుగా ఇంటిపేరు ముందు పెట్టి రాసుకుంటాం, పాస్‌పోర్ట్‌లో అది `Surname` గడిలో ఉంటుంది. అలవాటు కొద్దీ రాస్తే తారుమారు అవుతుంది. పాత పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని, ఏ గడిలో ఏ అక్షరం ఉందో చూస్తూ అలాగే దించాను. అమ్మానాన్నల పేర్లు కూడా చివరి పేజీలో ఉన్న స్పెల్లింగ్‌తోనే రాశాను. ఆ స్పెల్లింగ్ మనకు నచ్చకపోయినా ఇక్కడ దిద్దకూడదు. దిద్దితే అది పేరు మార్పు కిందికి పోతుంది, దానికి వేరే కాగితాలు అడుగుతారు.

ఫారం నింపినందుకు పోర్టల్ ఒక్క దిర్హామ్ కూడా అడగలేదు. ఇది గట్టిగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. దుబాయ్‌లో పాస్‌పోర్ట్ ఫీజు కట్టేది ఫారం దగ్గర కాదు, కాగితాలు ఇచ్చే సెంటర్‌లో. కాబట్టి ఫారం మొదట్లోనే కార్డు అడిగే పేజీ ఏదైనా సరే, అది మన పోర్టల్ కాదు.

ఫారం పంపేశాక నంబర్ వచ్చింది, ప్రింట్ తీసుకున్నాను. ఇక్కడే ఇంకో చిక్కుంది, దీని గురించి సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. కాన్సులేట్ తానే కాగితాలు తీసుకోదు. ఆ పనిని ఒక ప్రైవేటు కంపెనీకి కాంట్రాక్టు ఇస్తుంది. అపాయింట్‌మెంట్ ఆ కంపెనీ సైట్‌లో తీసుకోవాలి, ఆ సైట్ చివర `gov.in` ఉండకపోవచ్చు. అప్పటిదాకా నేర్చుకున్న లెక్క ఇక్కడ పని చేయదు. దుబాయ్‌లో ఈ రోజు ఉన్న కంపెనీ రేపు ఉండకపోవచ్చు, కాంట్రాక్టు మారితే పేరు మారుతుంది. ఆ కంపెనీ పేరును పోలిన పేరుతో అపాయింట్‌మెంట్లు అమ్ముకునే పేజీలు కూడా గూగుల్‌లో వస్తాయి. ఇక్కడ పేరు చూసి నమ్మకూడదు, దారి చూసి నమ్మాలి. కాన్సులేట్ సైట్‌కు మళ్లీ వెళ్లి, అక్కడ ఉన్న సెంటర్ లింకు మీద నొక్కి వెళితేనే అది అసలుది. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకు అదే పేరుతో ఉన్నా నేను నొక్కలేదు. నేను తీసుకున్న అపాయింట్‌మెంట్‌కు విడిగా రుసుము ఏమీ అడగలేదు.

ఎక్కడైనా అనుమానం వస్తే అడగడానికి ప్రభుత్వ నంబరే ఉంది. దుబాయ్‌లో ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 800 46342, యూఏఈ లోపలి నుంచి ఉచితంగా చేయొచ్చు. సెంటర్ పేరు సరైనదేనా అని నేనూ చేసి అడిగాను. ఫోన్‌లో నంబర్ కొట్టేటప్పుడు 800 తర్వాత INDIA అన్న అక్షరాల మీద ఉన్న అంకెలు నొక్కితే అదే నంబర్ వస్తుంది, అలా గుర్తుంచుకోవచ్చు.

సెంటర్‌కు ఒరిజినల్ పాస్‌పోర్ట్, దాని మొదటి, చివరి పేజీల జిరాక్సులు, ఎమిరేట్స్ ఐడీ, వీసా కాపీ, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు, ఫారం ప్రింట్ తీసుకెళ్లాను. పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉంటే అపాయింట్‌మెంట్‌కు రెండు రోజుల ముందే తెచ్చిపెట్టుకోవాలి. కౌంటర్‌లో అమ్మాయి ఫారాన్ని పాత పాస్‌పోర్ట్‌తో గడి గడి సరిచూసింది. 36 పేజీల మామూలు పాస్‌పోర్ట్‌కు కాన్సులేట్ ఫీజు 285 దిర్హాములు, ప్రవాసీ సంక్షేమ నిధికి 8, ఆపైన సెంటర్ సర్వీస్ చార్జీ. ఎస్ఎంఎస్, కొరియర్, ఫొటో, ప్రత్యేక లాంజ్ అని ఇంకొన్ని అడుగుతారు. అవి మన ఇష్టం. "వద్దు మేడం" అంటే బిల్లులో వేయరు. డబ్బు ఇచ్చేముందు బిల్లులో ఒక్కో లైను చదువుకోవాలి, ఏది దేనికో విడివిడిగానే రాసి ఉంటుంది. తత్కాల్ అయితే 36 పేజీలకు కాన్సులేట్ ఫీజే 855 దిర్హాములు అవుతుంది. నెలల గడువు ఉన్నప్పుడు దాని అవసరం లేదు.

ఫారం సొంతంగా నింపుకోలేనివాళ్లు మా క్యాంప్‌లోనే చాలామంది ఉన్నారు. టైపింగ్ సెంటర్‌కు వెళ్లి, ఎదురుగా కూర్చుని, కొద్దిపాటి డబ్బు ఇచ్చి నింపించుకోవడంలో తప్పేమీ లేదు. అది సాయానికి ఇచ్చే కూలి. కాకపోతే మూడు విషయాల్లో పట్టు విడవకూడదు. అడ్రస్ పట్టీలో `mportal.passportindia.gov.in` తెరిచాడా అని చూడాలి, ఖాతాకు మన మెయిల్, మన నంబరే ఇవ్వాలి, లాగిన్ పేరు, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకుని లేవాలి. మూడోదానికి ఒప్పుకోని మనిషి దగ్గర చేయించుకోవద్దు.

ఇప్పటికే ఏజెంటు పేజీలో కార్డు నంబర్ కొట్టేసినవాళ్లు ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించాలి. ఆ తర్వాత మళ్లీ మళ్లీ డబ్బు పోకుండా కొత్త కార్డు తీసుకోవాలి. తర్వాత సొంత ఖాతాతో కొత్త దరఖాస్తు నింపుకుని, ఏజెంటు పెట్టినదొకటి ఉందని సెంటర్ కౌంటర్‌లో చెప్పాలి. నేను కార్డు కొట్టలేదు గానీ పాస్‌పోర్ట్, ఐడీ ఫొటోలు అప్పటికే ఎక్కించేశాను, వాటిని వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ వారమంతా "మీ పాస్‌పోర్ట్ ఫైలు ఆగింది, కోడ్ చెప్పండి" అని ఫోన్లు వచ్చాయి. అవతలివాళ్లు నా పాస్‌పోర్ట్ నంబర్ కూడా తప్పు లేకుండా చదివి వినిపించారు. ఆ నంబర్ వాళ్లకు ఎక్కడ దొరికిందో నాకు తెలుసు కాబట్టి కోడ్ చెప్పలేదు. ఫైలు సంగతి పోర్టల్‌లో నా ఖాతాలోనే చూసుకున్నాను, అది ఎక్కడా ఆగలేదు.